తద్దినం: తిథి, తిలలు, మూడు తరాల పేర్లు

కన్నుమూసిన అమ్మానాన్నలకు ఏడాదికోసారి పెట్టే ఆబ్దికాన్ని మన ఇళ్లలో తద్దినం అంటాం. దీని గురించి పురోహితులను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటే: ఏ రోజు పెట్టాలి? పోయిన తేదీని బట్టి కాదు, చాంద్రమాన నెల, పక్షం, తిథి బట్టి పెట్టాలి. ఆ తిథి దగ్గరే చాలా ఇళ్లలో పొరపాటు జరుగుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. 2022 ఆగస్టు 31న వినాయక చవితి. ఆ సాయంత్రం ఆరు గంటలకు ఒక ఇంట్లో తండ్రి పోయారనుకుందాం. చవితి నాడు పోయారు కాబట్టి ఏటా చవితికే తద్దినం అని ఇంటివాళ్లు అనుకోవడం సహజం. కానీ ఆ రోజు చవితి తిథి మధ్యాహ్నం మూడున్నరకు ముందే వెళ్లిపోయింది. ప్రాణం పోయిన ఘడియకు ఉన్నది భాద్రపద శుద్ధ పంచమి. ఆయన తిథి అదే. తిథి సూర్యోదయంతో మొదలై మర్నాటి సూర్యోదయానికి ముగిసేది కాదు, పగలో రాత్రో మధ్యలోనే మారిపోతుంది. అందుకే తేదీతో పాటు గంటా నిమిషం, ఊరు కూడా రాసిపెట్టుకోవాలి.

తిథి తెలిశాక, ఆ ఏడాది అది ఏ రోజున వస్తుందో చూడాలి. పండుగలకు చాలావరకు సూర్యోదయానికి ఉన్న తిథిని చూస్తాం. తద్దినానికి చూడాల్సింది అపరాహ్నం. పగటిని అయిదు భాగాలు చేస్తే నాలుగో భాగం అది. ఆరింటికి తెల్లవారి ఆరింటికి పొద్దుగూకే రోజున మధ్యాహ్నం ఒంటిగంట దాటిన దగ్గర్నుంచి మూడున్నర దాకా అన్నమాట. మన ఉదాహరణలోని తండ్రికి 2024లో సెప్టెంబరు 8న, 2025లో ఆగస్టు 28న అపరాహ్నమంతా పంచమే ఉంది. ఆయన తద్దినం ఆ రోజుల్లోనే. తిథి రెండు రోజుల అపరాహ్నాలనూ కొంత కొంత తాకితే ఎక్కువసేపు ఉన్న రోజును తీసుకుంటారు. పంచాంగానికీ పంచాంగానికీ కొద్దిపాటి తేడా ఉంటుంది కాబట్టి ఏటా ఒకే పంచాంగాన్ని నమ్ముకోవడం మంచిది. డాలస్‌లోనో లండన్‌లోనో ఉన్న కొడుకు పోయిన తిథిని ఇక్కడి సమయంతో లెక్కించినా, తద్దినం పెట్టే రోజును మాత్రం తానున్న ఊరి పంచాంగం ప్రకారం చూసుకుంటాడు.

ఆ రోజు ఇంటి నడకే వేరుగా ఉంటుంది. కార్యం పూర్తయ్యేదాకా వాకిట్లో ముగ్గు వేయరు. కర్త ముందురోజు రాత్రి భోజనం మానేస్తాడు. వంటలో ఉల్లి, వెల్లుల్లి ఉండవు. అరటికాయ, కంద, చేమదుంప కూరలు, అల్లం పచ్చడి, మినప గారెలు, నువ్వుల ఉండలు, పరమాన్నం వండుతారు. భోక్తలుగా పిలిచిన బ్రాహ్మణులలో ఒకరిని విశ్వేదేవతల స్థానంలో, ఒకరిని పితృదేవతల స్థానంలో కూర్చోబెట్టి, వచ్చింది మన పెద్దలే అన్న భావంతో కాళ్లు కడిగి, కొసరి కొసరి వడ్డిస్తారు. తర్వాత అన్నంలో నువ్వులు కలిపి మూడు పిండాలు చేసి దర్భల మీద పెడతారు. తండ్రికి ఒకటి, తాతకు ఒకటి, ముత్తాతకు ఒకటి. తండ్రి వసురూపం, తాత రుద్రరూపం, ముత్తాత ఆదిత్యరూపం అని మంత్రంలో భావిస్తారు. నిన్నటిదాకా మన మధ్య తిరిగిన మనిషి తరం తరం దాటుతూ సూర్యుడిలో కలిసేదాకా ఆ ఇంట్లో ఆయన పేరు పలుకుతూ ఉండాలన్నదే ఈ వరుసలో నాకు కనిపించే అర్థం.

ఇదంతా చేసే వీలు అందరికీ ఉండదు. ఆ సంగతి శాస్త్రం ముందే ఆలోచించింది. వండి పెట్టలేనివారు వండని దినుసులు ఇవ్వవచ్చు. దీన్నే స్వయంపాకం అంటాం. కిలో బియ్యం, పావుకిలో పప్పు, బెల్లం, నెయ్యి, చింతపండు, ఉప్పు, రెండు మూడు రకాల కూరగాయలు, అరటిపళ్లు, తాంబూలం, దక్షిణ సర్దితే ఒక మనిషి కడుపునిండా వండుకుని తినగలడు. అదీ కుదరకపోతే నువ్వులు, నీళ్లు చాలు. ఆవుకు ఇంత పచ్చగడ్డి పెట్టినా సరే. అదీ దొరకనివాడు ఏకాంతంగా నిలబడి రెండు చేతులూ పైకెత్తి, తన దగ్గర ఏమీ లేదని, తన భక్తితోనే తృప్తిపడమని పెద్దలను వేడుకోవాలని విష్ణుపురాణం చెబుతుంది. అప్పుచేసి తద్దినం పెట్టాల్సిన అవసరం ఎవరికీ లేదని దీన్నిబట్టే అర్థమవుతుంది.

నువ్వులు, నీళ్లతో చేసేది తర్పణం. తలస్నానం చేసి, దక్షిణం వైపు తిరిగి కూర్చోవాలి. జంధ్యం ఉన్నవారు దాన్ని కుడిభుజం మీదికి మార్చుకుంటారు. కుడిచేతిలో కొన్ని నల్లనువ్వులు పోసుకుని, గోత్రం, పేరు చెబుతూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి నీళ్లు పళ్లెంలోకి జారవిడవాలి. ఒక్కొక్కరికి మూడుసార్లు. దేవతలకైతే వేళ్ల కొసల నుంచి వదులుతాం, పెద్దలకు మాత్రం ఈ దారి. పళ్లెంలోని నీళ్లను చెట్టు మొదట్లో పోస్తే సరిపోతుంది. తండ్రి బతికి ఉన్నవారు పితృతర్పణం చేయరు.

తిథి తెలియనివారి కోసం భాద్రపద బహుళ పక్షం ఉంది. అదే మహాలయ పక్షం. ముత్తైదువగా పోయిన తల్లికి నవమి, ప్రమాదంలోనో ఆయుధంతోనో పోయినవారికి చతుర్దశి ప్రత్యేకం. అమావాస్య అందరిదీ. ఆ పక్షంలో తల్లివైపు తాతముత్తాతలతో పాటు మేనత్తలు, పిన్నులు, గురువులు, స్నేహితుల పేర్లు కూడా చెప్పి నువ్వులు, నీళ్లు వదులుతారు. తెలంగాణలో ఆ అమావాస్యే పెత్రమాస. పొద్దున అయ్యగారికో జంగమయ్యకో పెద్దల పేరుమీద బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తారు. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. కోస్తాలో చాలా కుటుంబాలకు సంక్రాంతే పెద్దల పండుగ. ఆ రోజు కొత్తబట్టలు పెద్దల పటాల ముందు పెట్టి, నైవేద్యం చూపించి, ఆ తర్వాతే ఇంటివాళ్లు కట్టుకుంటారు. మంత్రం ఉన్న ఇంట్లోనూ లేని ఇంట్లోనూ జరిగేది ఒకటే. ముందు వాళ్లకు, తర్వాత మనకు.

వీటన్నిటిలో డబ్బుతో దొరకనిది ఒక్కటే, పేర్లు. తర్పణానికి కూర్చున్న మనిషి ముత్తాత పేరు దగ్గర ఆగిపోవడం ఈ రోజుల్లో తరచూ కనిపిస్తుంది. ముత్తవ్వ పేరు తెలిసినవారు మరీ తక్కువ. పేరు తెలియకపోతే కార్యం ఆగదు, పురోహితుడు వేరే మార్గం చెబుతాడు. కానీ తెలుసుకునే అవకాశం ఇంట్లో ఉన్నప్పుడే తెలుసుకోవాలి. పెద్దమ్మనో బాబాయినో అడిగి, రెండువైపులా మూడేసి తరాల పేర్లు, గోత్రం, పోయిన తిథి, ఊరు ఒక పుస్తకంలో రాయండి. పిల్లలకు ఆ పుస్తకం ఎక్కడుందో చూపించండి. రేపు వాళ్లు ఏ దేశంలో ఉన్నా, ఎంత తక్కువలో చేసినా, ఎవరికి చేస్తున్నారో తెలిసి చేస్తారు.