గ్రైండర్ కావాలని రాసిన రెండు మెయిళ్లు

విశాఖలో బీచ్ రోడ్డుకు రెండు సందుల ఇవతల నా స్నేహితుడొకాయన చిన్న కాఫీ షాపు నడుపుతున్నారు. ఆరు టేబుళ్లు, ఒక ఎస్ప్రెస్సో మిషను, అరకు గింజలు. తెరిచినప్పుడు డబ్బు చాలక ఇంట్లో వాడే గ్రైండర్ ఒకటి కొని పెట్టారు. వారం మధ్యలో అది బాగానే లాక్కొచ్చేది. ఆదివారం సాయంత్రం జనం ఎగబడితే మాత్రం ఇరవయ్యో కప్పు దగ్గర వేడెక్కి ఆగిపోయేది. చల్లారితే గానీ తిరిగేది కాదు. ఈలోగా కౌంటర్ ముందు నిలబడ్డవాళ్ల మొహాలు చూడలేక ఆయన లోపలికి వెళ్లి గిన్నెలు తోమేవారట.

చివరికి హైదరాబాద్‌లోని ఒక డీలర్‌కు మెయిల్ పెట్టారు. 'సార్, కాఫీ షాపుకి మంచి గ్రైండర్ బ్రాండ్లు చెప్పండి. నమ్మకంగా పనిచేయాలి. రేట్లు పంపండి.' అంతే. మర్నాటికల్లా జవాబు వచ్చింది, లావుపాటి కేటలాగుతో. 'ఇందులో ఏది కావాలో చెప్పండి సార్.' డీలర్‌ను తప్పుపట్టడానికి లేదు. బట్టల షాపుకెళ్లి మంచి చొక్కా ఇవ్వమంటే సైజెంతని అడగరూ!

గ్రైండర్ సైజు తెలియాలంటే ముందు దాని కడుపులో ఏముందో చూడాలి. మన తిరగలే ఉంది. కింద ఒక చక్రం, పైన ఒక చక్రం, వాటి మధ్య సందు. తేడా ఏమిటంటే ఇక్కడివి రాళ్లు కావు, పళ్లున్న గట్టి ఉక్కు బిళ్లలు. వాటిని బర్‌లంటారు. మెడ తిప్పితే సందు తగ్గుతుంది, పొడి మెత్తనవుతుంది. మిక్సీ బ్లేడు గింజను చితక్కొడుతుంది కాబట్టి కొంత పిండి, కొంత నూక వస్తుంది. బర్‌లు గింజను సమంగా నలుపుతాయి. ఎస్ప్రెస్సోకు ఆ సమానత్వమే ప్రాణం. 18 గ్రాముల పొడి మీదుగా వేడినీళ్లు ఒత్తిడితో దిగి, 25 నుంచి 30 సెకన్లలో రెట్టింపు బరువు కాఫీ కావాలని మామూలు లెక్క. పొడి బరకైతే పదిహేను సెకన్లకే పులుపు నీళ్లు దిగిపోతాయి. మరీ మెత్తనైతే చుక్క చుక్కగా చేదు కారుతుంది.

బర్‌ల వెడల్పును బట్టి మిషను సత్తా ఉంటుంది. ఇంటి మిషన్లలో అవి చాలావరకు 40, 50 మిల్లీమీటర్లే. షాపుల్లో పెట్టేవాటిలో 64 దగ్గర మొదలవుతాయి. బర్ పెద్దదైతే ఒక్కో కప్పుకి తక్కువ సేపు తిరుగుతుంది, తక్కువ వేడెక్కుతుంది. ఆదివారం ఆగిపోయే జబ్బుకు మందు బ్రాండు పేరులో లేదు, ఇక్కడుంది.

ఆ రాత్రి షాపు మూశాక ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. రోజుకు 80 కప్పులు. కప్పుకి 18 గ్రాములంటే 1,440 గ్రాములు. పొద్దున్నే సెట్టింగ్ సరిచూసుకోవడానికి పారబోసేది కలిపితే రోజుకు కేజిన్నర, నెలకు 45 కేజీలు. ఈ అంకె ఎందుకంటే, బర్‌లు అరిగిపోతాయి. 64 మిల్లీమీటర్ల మామూలు ఉక్కు బర్‌లు సుమారు 400 కేజీల వరకు వస్తాయని కంపెనీ వాళ్లే చెబుతారు. అంటే ఏ బ్రాండు కొన్నా మా వాడి షాపులో తొమ్మిది నెలలకోసారి బర్‌లు మార్చాల్సిందే. బైకు టైర్ల లాంటి ఖర్చన్నమాట. కొనేటప్పుడు ఎవరూ అడగరు, చెప్పేవాళ్లూ తక్కువ.

అరిగినట్టు తెలుసుకోవడానికి మిషను విప్పక్కర్లేదు. అదే పొడి కోసం వారం వారం ఇంకాస్త బిగించాల్సి వస్తుంటే, చేతిలో పడిన పొడి వెచ్చగా, ఉండలుగా ఉంటే, ఒకే కప్పులో పులుపూ చేదూ రెండూ తగులుతుంటే అనుమానించాలి. విప్పి చూస్తే అంచు మీద గోరు జారిపోతుంది. కొత్త బర్ అయితే గోటిని గీరుతుంది. వానాకాలంలో మాత్రం తొందరపడొద్దు. సముద్రపు గాలికి పొడి తేమ పీల్చి సెకన్లు మారిపోతుంటాయి. అప్పుడు సెట్టింగ్ కాస్త మార్చుకుంటే చాలు.

తర్వాత రెండో మెయిల్ తయారైంది. ఆయన అనుమతితో ఇక్కడ ఇస్తున్నాను:

'నమస్కారమండీ. మాది విశాఖలో చిన్న కాఫీ షాపు. రోజుకు 80 కప్పులు పోతాయి. ఆదివారం సాయంత్రం రెండు గంటల్లోనే 40 అవుతాయి. ఎస్ప్రెస్సో, దానితో చేసే పాల కాఫీలే. ఫిల్టర్ కాఫీ లేదు, చికోరీ కలపం. గింజలు అరబికా, మధ్యరకం వేపుడు. కౌంటర్ మీద జానెడున్నర వెడల్పు చోటుంది. నడిపేది ఇద్దరు కుర్రాళ్లు, ఇద్దరూ కొత్తవాళ్లే. ఈ పనికి సరిపోయే బ్రాండ్లు రెండో మూడో చెప్పండి. ఒక్కోదానికి బర్ సెట్ ధర ఎంత, మీ దగ్గర స్టాకుందా, పాడైతే విశాఖకు ఎవరొస్తారు, ఎన్ని రోజుల్లో వస్తారు, ఆ రోజుల్లో వాడుకోవడానికి వేరే మిషను ఇస్తారా రాయండి.'

ఫిల్టర్ కాఫీ సంగతి రాయడం మరిచిపోకూడదు. ఒకే గ్రైండర్‌ను ఎస్ప్రెస్సోకూ ఫిల్టర్‌కూ మార్చి మార్చి తిప్పితే, మారినప్పుడల్లా లోపల మిగిలిన పాత పొడి కొంత చెత్తబుట్టకే. రెండూ అమ్మే షాపుకు రెండు మిషన్లు కావాలి.

ఈసారి కేటలాగు రాలేదు, ఫోనే వచ్చింది. డీలర్ మూడు పేర్లు చెప్పారు. మొదటిది వెనిస్ దగ్గర తయారయ్యే మాజర్ వాళ్ల సూపర్ జాలీ. 64 మిల్లీమీటర్ల బర్‌లు, ఎడ్లబండి లాంటి మిషను. హంగులు తక్కువ కాబట్టి పాడయ్యేవీ తక్కువ. రెండోది జర్మనీ కంపెనీ మాల్కోనిగ్ వాళ్ల ఇ65ఎస్. 65 మిల్లీమీటర్లు, చక్కని తెర, నొక్కితే కావలసినంత సేపే తిరుగుతుంది. కొత్త కుర్రాళ్లకు సులువు, జేబుకు బరువు. మూడోది ఫ్లోరెన్స్‌లో 1920లో మొదలైన యురేకా. అందులో చిన్నా పెద్దా మోడళ్లు చాలా ఉన్నాయి కాబట్టి పేరు చూసి కాక బర్ కొలత చూసి తీసుకోవాలన్నారు. సెకండ్ హ్యాండ్ దొరుకుతుందా అని మా వాడు ఆశగా అడిగితే, దొరుకుతుంది గానీ కొత్త బర్‌ల ధర కలుపుకుని బేరమాడమనీ, అమెరికా నుంచి వచ్చిందైతే 110 వోల్టులదేమో ప్లేటు చూడమనీ చెప్పారు. నిజాయితీ గల మనిషి.

నన్నడిగితే ఈ మూడింటి మధ్య కాఫీ రుచిలో తేడా పట్టేవాడు ఆ షాపుకి నెలకొకడు కూడా రాడు. బర్‌లు స్టాకుండి, మనిషి రెండు రోజుల్లో వస్తానన్న మిషనే నమ్మకమైన మిషను. మా వాడు ఆ లెక్కనే సూపర్ జాలీ తీసుకున్నారు.

తొమ్మిది నెలలు అనుకున్న బర్‌లు ఐదో నెలలోనే పోయాయి. గింజల్లో బఠాణీ అంత రాయి వచ్చింది. టక్కుమని ఒకటే చప్పుడు, రెండు పళ్లు లేచిపోయాయి. కొత్త జత మూడో రోజుకు వచ్చింది. ఇప్పుడా కుర్రాళ్లు గింజల్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరి గానీ మిషన్లో పోయడం లేదు.