తొలి బీప్‌కే నడక

ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో, చీకటి విడవకముందే నెక్లెస్ రోడ్డు మీద పరుగు మొదలవుతుంది. రెండు నిమిషాలైనా గడవకముందే వెనక వరుసల్లో ఒకరి వాచీ బీప్‌మంటుంది. ఆ మనిషి చెయ్యి పైకెత్తి, రోడ్డు అంచుకు జరిగి, నడక అందుకుంటారు. పక్కన దూసుకుపోయే కుర్రాళ్లు జాలిగా చూస్తారు. గచ్చిబౌలి దగ్గర పడేసరికి ఆ కుర్రాళ్లలో కొందరు ఫ్లైఓవర్ పిట్టగోడ పట్టుకుని పిక్కలు నొక్కుకుంటుంటారు. మన మనిషి మాత్రం ఇంకా అదే బీప్‌కి పరుగెత్తుతూ, నడుస్తూ వాళ్లను దాటిపోతారు.

ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది అమెరికన్ పరుగువీరుడు జెఫ్ గాలవే. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10 వేల మీటర్లు పరుగెత్తిన ఆయన, 1974లో ఫ్లోరిడాలో కొత్తవాళ్లకు పరుగు నేర్పుతూ మధ్యమధ్య నడిపించారు. కిటుకంతా నడవడంలో లేదు, ఎప్పుడు నడవాలన్నదాంట్లో ఉంది. అలసిపోయాక నడిస్తే అది ఓటమి నడకే. కండరాలు అప్పటికే దెబ్బతిని ఉంటాయి, ఒక నిమిషం విరామంతో అవి కోలుకోవు. అలసట రాకముందే, మొదటి కిలోమీటరులోనే నడక మొదలుపెడితే పరుగులో పడే దెబ్బలు పేరుకోకుండా మధ్యలో తెగుతుంటాయి.

ఒక లెక్క చూద్దాం. ఒకరు కిలోమీటరును ఏడున్నర నిమిషాల్లో పరుగెత్తగలరు, చురుగ్గా నడిస్తే పదిన్నర నిమిషాలు పడుతుంది. రెండు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక పెట్టుకుంటే పరుగులో 267 మీటర్లు, నడకలో 95 మీటర్లు గడుస్తాయి. అంటే మూడు నిమిషాలకు 362 మీటర్లు, కిలోమీటరుకు సుమారు 8 నిమిషాల 17 సెకన్లు. 42.195 కిలోమీటర్లకు దాదాపు 5 గంటల 50 నిమిషాలు. అదే మనిషి ఆపకుండా పరుగెత్తి 28వ కిలోమీటరు దగ్గర కూలబడి, అక్కణ్నుంచి కిలోమీటరుకు 12 నిమిషాల చొప్పున ఈడ్చుకుంటూ వెళితే 6 గంటల 20 నిమిషాలు పడుతుంది. నడిచినందుకే అరగంట మిగిలిందన్నమాట!

మరి నిష్పత్తి ఎంత ఉండాలి? ఇదే మనిషికి 4:1 అయితే 5 గంటల 36 నిమిషాలు, 1:1 అయితే 6 గంటల 9 నిమిషాలు వస్తుంది. కాగితం మీద 4:1 ఊరిస్తుంది. కానీ నిష్పత్తిని తేల్చాల్సింది కాళ్లు. వారాంతపు లాంగ్ రన్‌లో అనుకున్న నిష్పత్తితోనే 25, 28 కిలోమీటర్లు వెళ్లి చూడాలి. చివరి గంటలో కూడా పరుగు ముక్కలు మొదటి గంటలో ఉన్నంత వేగంగానే ఉంటే అది మీకు సరిపోయినట్టే. నడక నిమిషం అయిపోయినా రొప్పు తగ్గకపోతే, పరుగెత్తేటప్పుడు పక్కవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడలేకపోతే పరుగు ముక్కను కుదించండి. నడిచాక మళ్లీ పరుగందుకోవాలంటే కాళ్లు బిగుసుకుపోతున్నాయా? అప్పుడు నడక మరీ పొడవైందని అర్థం. రెండు నిమిషాలు, ఒక నిమిషం బదులు 60 సెకన్లు, 30 సెకన్లు పెట్టుకోండి. నిష్పత్తి అదే, కాలమూ అదే, కాకపోతే ఒళ్లు బిగుసుకునేంత వ్యవధి దొరకదు.

ఎక్కువమంది చేసే తప్పు మరొకటి ఉంది. నడకలో పోయిన కాలాన్ని రాబట్టాలని తర్వాతి పరుగు ముక్కలో ఉరుకుతారు. పై లెక్కలో ఆ నడక కాలం ముందే కలిసి ఉంది కదా, రాబట్టాల్సిందేముంది? ఎండ ముదిరితే, హైదరాబాద్‌లా ఫ్లైఓవర్లు వరసగా తగిలితే, ఒళ్లు మొరాయించేదాకా ఆగకుండా ముందే 1:1కి దిగడం మేలు. ఒంట్లో సత్తువ మిగిలితే 32వ కిలోమీటరు తర్వాత నడకలు తగ్గించుకోవచ్చు, అంతకుముందు మాత్రం వద్దు.

ఈ పద్ధతికి లేని గొప్పలు అంటగట్టనక్కర్లేదు. జర్మనీ పరిశోధకులు 42 మంది సాధారణ రన్నర్లను పరీక్షించారు. ప్రతి రెండున్నర కిలోమీటర్లకు ఒక నిమిషం నడిచినవాళ్లు ఆపకుండా పరుగెత్తినవాళ్లకు దాదాపు సమానంగానే ముగించారు, కండరాల నొప్పి, అలసట తక్కువని చెప్పారు. గుండె మీద పడిన భారం మాత్రం తగ్గలేదు. అందుకని గుండె జబ్బు ఉన్నవాళ్లు దీన్ని రక్షణ అనుకోకూడదు. నాలుగు గంటల లోపు హాయిగా ఆగకుండా పరుగెత్తేవాళ్లకు దీంతో పెద్దగా పనిలేదు కూడా.

రేసుకు పేరిచ్చే ముందు కటాఫ్ సమయం ఎంతో కనుక్కోండి. మీ నిష్పత్తి లెక్క దానికి కనీసం 20 నిమిషాల ముందు ముగిసేలా ఉండాలి, నీళ్ల దగ్గర, టాయిలెట్ దగ్గర ఆ మాత్రం పోతుంది. ఇక మొదటి బీప్ మోగినప్పుడు, ఎవరు చూస్తున్నా సరే, చెయ్యెత్తి పక్కకు జరిగి నడవండి.