రెండో కునుకు వెళ్లిపోయే నెల

మా అమ్మాయికి పదిహేను నెలలు నిండేదాకా పగలు రెండుసార్లు పడుకునేది. పొద్దున తొమ్మిదిన్నరకు ఒక కునుకు, మధ్యాహ్నం రెండున్నరకు ఇంకొకటి. రాత్రి ఎనిమిదిన్నరకల్లా నిద్ర. ఉన్నట్టుండి మధ్యాహ్నం పక్క మీద వేస్తే లేచి కూర్చుని దిండు మీదెక్కి ఆడటం మొదలుపెట్టింది. ఎప్పుడో నాలుగున్నరకు వాలిపోయి ఆరింటికి లేచేది. ఇక రాత్రి పదిన్నరైనా కన్ను మూసేది కాదు.

మెలకువగా ఉన్న ప్రతి గంటకూ పిల్లల్లో నిద్రమత్తు కొంచెం కొంచెంగా పేరుకుంటుంది, నిద్రపోతే కరిగిపోతుంది. ఆరింటికి లేచిన పిల్లకు ఎనిమిదిన్నరకు ఆ మత్తు ఎక్కడిది? పైగా వయసు పెరిగేకొద్దీ అది నెమ్మదిగా పేరుకుంటుంది. ఏడాది పిల్లలు మూడు నాలుగు గంటలు మెలకువగా ఉండగలిగితే, ఒక్క కునుకుకు అలవాటుపడ్డవాళ్లు అయిదారు గంటలు హాయిగా ఉంటారు. ఈ మార్పు ఎక్కువమందికి 13 నుంచి 18 నెలల మధ్య వస్తుంది.

మొదటి పుట్టినరోజు చుట్టూ కొందరు ఇలాగే మొరాయిస్తారు. నడక వచ్చిన కొత్తలో పక్క మీద ఉండబుద్ధి కాదు. అది వారం, రెండు వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది కాబట్టి అప్పుడు తొందరపడకూడదు. రెండు వారాలు దాటినా చాలా రోజులు రెండో కునుకు వద్దంటున్నా, పడుకున్న రోజు రాత్రి నిద్ర చెడుతున్నా, తెల్లవారుజామున అయిదింటికే లేచి కూర్చుంటున్నా సమయం వచ్చినట్టే.

నేను మొదట చేసిన పొరపాటు ఇక్కడే. రెండో కునుకు మానడం అంటే దాన్ని తీసేస్తే చాలనుకున్నాను. పొద్దున తొమ్మిదిన్నర కునుకును అలాగే ఉంచి మధ్యాహ్నం పడుకోబెట్టడం మానేశాను. పదకొండుకు లేచిన పిల్ల రాత్రి ఎనిమిదిన్నర దాకా, అంటే తొమ్మిదిన్నర గంటలు ఎలా ఉంటుంది? అయిదింటికే కళ్లు నులుముకుంటూ, ముద్ద నోట్లో పెడితే ఉమ్మేస్తూ ఏడ్చింది. నిజానికి కదపాల్సింది పొద్దుటి కునుకును. అది మెల్లగా మధ్యాహ్నానికి జరిగితే రెండోదానికి చోటే ఉండదు.

అలాగే చేశాం. మూడు రోజులకొకసారి పావుగంట చొప్పున వెనక్కి జరిపాం. తొమ్మిదిన్నర కునుకు తొమ్మిదీ ముప్పావుకి, తర్వాత పదికి, అలా పన్నెండుంపావు దాకా. నెల పైనే పట్టింది. మధ్యలో పదకొండు గంటల దశ ఉంది చూడండి, అసలు కష్టం అదే. పన్నెండున్నరకు లేస్తే రాత్రికి ఇంకా ఎనిమిది గంటలుంది. ఆ వారం రోజులూ మూడున్నరకు ఇరవై నిమిషాలు మాత్రం పడుకోబెట్టి లేపేశాం.

ఆ లేపడం దగ్గరే మా అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "పడుకున్న పిల్లని లేపకూడదమ్మా, పాపం" అని తలుపు దగ్గర నిలబడ్డారు. "రెండు రోజులు చూడండి అత్తయ్యా, లేపకపోతే రాత్రి పదకొండు దాకా మీరే ఎత్తుకు తిరగాలి" అన్నాను. కర్టెన్ తీసి, వెలుతురు పడనిచ్చి, పాదాలు నిమురుతూ ఆవిడే లేపడం మొదలుపెట్టారు. కునుకు పదకొండున్నర దాటాక అన్నం వేళ కూడా మారింది. ఆకలితో అరగంటలో లేచేస్తుందని కునుకుకు ముందే పప్పన్నం పెట్టేవాళ్లం.

రాత్రి వేళ నిలబడటానికి మాకు పనికొచ్చినవి రెండే. ఒకటి, రాత్రి ఎంత ఆలస్యమైనా పొద్దున ఆరున్నరకు లేపడం. ఎనిమిదింటిదాకా పడుకోనిస్తే ఆ రోజు లెక్కంతా తప్పేది. రెండోది, కునుకు సరిగా పడని రోజు నిద్రవేళను ముందుకు జరపడం. "అలసిపోయింది, కాసేపాగితే ఇంకా గట్టిగా పడుకుంటుంది" అనిపిస్తుంది గానీ, మరీ అలసిన పిల్ల చిరాకుతో నిద్ర పట్టక రాత్రి మళ్లీ మళ్లీ లేస్తుంది. అలాంటి రోజు ఏడున్నరకే స్నానం, పాలు, పళ్లు తోమడం ముగించి లైటు ఆర్పేసేవాళ్లం. మా ఆయన తొమ్మిదింటికి గానీ ఇల్లు చేరరు. పాపతో ఆటలు పొద్దుటికి మార్చుకోవడం ఆయనకు బాధే అయింది.

సాయంత్రం ఆరింటికి స్కూటర్ మీద తిప్పడం కూడా మానుకున్నాం. గాలి తగిలితే పది నిమిషాలకే తల వాల్చేసేది. ఆ పది నిమిషాలకు రాత్రి గంట ఆలస్యమయ్యేది.

ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకు పగలూ రాత్రీ కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. మా అమ్మాయి ఇప్పుడు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా, రాత్రి ఎనిమిదిన్నర నుంచి ఆరున్నర దాకా పడుకుంటోంది. మొత్తం 12 గంటలు. రోజూ గురక పెడుతూ నోటితో ఊపిరి తీసే పిల్లలకు, సరిపడా పడుకున్నా మందకొడిగా ఉండేవాళ్లకు మాత్రం ఈ వేళల సర్దుబాటు చాలదు, పిల్లల డాక్టరుకు చూపించాలి.