మూకుడులో పొంగి, పళ్లెంలో చతికిలబడి

మూకుడులో బూరెలా పొంగిన పూరీ పళ్లెంలోకి వచ్చేసరికి అప్పడంలా పడిపోతే, మనం ముందు నూనెను తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు పిండి కలిపినప్పుడే జరిగిపోయి ఉంటుంది.

పూరీని పొంగించేది సోడా కాదు, పిండిలోని నీళ్లే. కాగిన నూనె తగలగానే పైపొర బిగుస్తుంది. లోపలి తడి ఆవిరై, బయటికి దారిలేక పూరీని రెండు పొరలుగా విడదీస్తుంది. కాసేపటికి ఆ ఆవిరి ఎలాగూ చల్లారుతుంది. అప్పుడు బుగ్గను నిలబెట్టాల్సింది పొరల గట్టిదనమే.

మొన్న ఆదివారం పావుకిలో గోధుమపిండి చొప్పున రెండు గిన్నెల్లో కలిపి చూశాను. మొదటిదానికి చపాతీకి పోసినట్టే 150 మిల్లీలీటర్ల నీళ్లు పోశాను. పిండి పీటకు అంటుకుంది, పొడిపిండి చల్లక తప్పలేదు. ఆ పొడి నూనెలో అడుగున మాడింది. పూరీలు పొంగాయి గానీ, రెండోది వేసేలోపు మొదటిది కూలబడింది.

రెండో గిన్నెలో 120 మిల్లీలీటర్లే పోసి, చెంచాడు బొంబాయి రవ్వ, చెంచాడు నూనె కలిపాను. కలుపుతుంటే మణికట్టు నొప్పెట్టింది. పిండి పొడిపొడిగా పగుళ్లు తేలి, ఇంకో చెంచా నీళ్లు పోద్దామా అనిపించింది. అక్కడ చెయ్యి ఆపుకోవాలి. తడిగుడ్డ కప్పి ఇరవై నిమిషాలు వదిలేస్తే పిండి నీళ్లు పీల్చుకుని తనే నునుపవుతుంది. బొటనవేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి మాత్రం అంటకూడదు. పిండిని బట్టి నీళ్లు అటూఇటూ అవుతాయి కనుక చివరి రెండు చెంచాలు చిలకరించుకుంటూ పోయాలి.

ఇక ఒత్తడం. రెండు రూపాయి బిళ్లలు ఒకదానిమీద ఒకటి పెట్టినంత మందం మించకూడదు. మరీ పల్చగా ఒత్తితే లోపల తడే మిగలదు, అప్పడంలా కరకరలాడుతుంది. మందమైతే లోపలికి వేడి చేరక సగమే ఉబ్బుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఒకే పూరీలో మందం తేడాలు. అంచు లావుగా, నడుమ పల్చగా ఉంటే నడిమి భాగం చిట్లి ఆవిరి పోతుంది. అందుకే కర్ర అంచుల మీద ఎక్కువ తిప్పాలి, పీటకు పిండి బదులు చుక్క నూనె రాయాలి. అన్నీ ఒకేసారి ఒత్తి ఆరబెడితే పైన పొర ఎండి పగుళ్లిస్తుంది.

నూనెలో చిటికెడు పిండి వేస్తే వెంటనే తేలాలి, క్షణంలో నల్లబడకూడదు. పూరీ తేలగానే చిల్లుల గరిటెతో అంచుల దగ్గర మెల్లగా అదిమితే ఆవిరి నడుమకు పరుగెత్తుతుంది. తీసిన పూరీలను దొంతర పెట్టకుండా జల్లెడలో నిలువుగా ఆనించాను. రెండో గిన్నెవి కూర వడ్డించేదాకా బుగ్గలతోనే ఉన్నాయి.