ఒకే పోటీ, మూడు లెక్కలు

2017 సెప్టెంబరు 16 రాత్రి లాస్ వేగాస్‌లోని టి-మొబైల్ అరీనాలో పన్నెండు రౌండ్లూ పూర్తయ్యాయి. గెన్నాడి గొలోవ్‌కిన్, కనెలో ఆల్వారెజ్ ఇద్దరూ కింద పడలేదు. ఇక తేల్చాల్సింది రింగు పక్కన మూడు వైపులా కూర్చున్న ముగ్గురు జడ్జీలే. డేవ్ మొరెటి కార్డులో 115-113 తేడాతో గొలోవ్‌కిన్ గెలిచాడు. డాన్ ట్రెల్లా 114-114 అని సరిసమానంగా ఇచ్చాడు. అడలెయిడ్ బర్డ్ కార్డులో మాత్రం 118-110తో కనెలో గెలిచాడు. ఒకరికి ఇతను, ఒకరికి అతను, ఒకరికి ఇద్దరూ. ఫలితం డ్రా.

మొరెటికీ ట్రెల్లాకీ మధ్య తేడా ఒక్క రౌండే. బర్డ్ లెక్క మాత్రం వాళ్లకు ఆమడ దూరంలో ఉంది. ముగ్గురూ చూసింది ఒకే పోటీని కదా, మరి ఇంత ఎడం ఎలా వచ్చింది? కుమ్మక్కు అనేసి చేతులు దులుపుకోవడం తేలికే. దానికంటే ముందు కార్డులను రౌండు రౌండుగా విప్పి చూడాలి.

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ప్రతి రౌండూ విడి పోటీ లాంటిది. గెలిచినవాడికి 10, ఓడినవాడికి సాధారణంగా 9. కింద పడితే ఇంకో పాయింటు పోతుంది. ఇందులో మెలిక ఏమిటంటే, ఆవగింజంత తేడాతో నెగ్గినా 10-9, చితక్కొట్టి నెగ్గినా, ప్రత్యర్థి పడకపోతే, చాలావరకు 10-9. ఆ రాత్రి కంప్యూబాక్స్ సంస్థ లెక్క ప్రకారం గొలోవ్‌కిన్ దెబ్బలు 218 తగిలాయి, కనెలోవి 169. మొత్తంగా చూస్తే గొలోవ్‌కిన్‌దే పైచేయి. అయితే జడ్జీలు మొత్తాన్ని తూయరు, ఏ రౌండుకారౌండు తేలుస్తారు. పైగా ఆ అంకెలు జడ్జీల ముందు ఉండవు. దెబ్బల సంఖ్య ఒకరిది, రౌండ్ల సంఖ్య ఇంకొకరిది కావడానికి ఆస్కారం అక్కడే ఉంది.

ఇప్పుడు ఒక చిన్న నమూనా కట్టుకుందాం. ఎర్ర మూల, నీలి మూల. పన్నెండు రౌండ్లలో నాలుగు ఎవరు చూసినా ఎర్రవాడివే. ఇంకో నాలుగు ఎవరు చూసినా నీలివాడివే. మిగిలిన నాలుగూ ఎటైనా తిరిగే రౌండ్లు. వాటిలో ఒక్కో జడ్జీ మనసులో ఒక్కో నాణెం ఎగురుతుందనుకోండి: బొమ్మ పడితే ఎర్ర, బొరుసు పడితే నీలి. ఒక జడ్జీ కార్డులో ఎర్రవాడు గెలవాలంటే ఆ నాలుగింట్లో మూడైనా బొమ్మలు పడాలి. దానికి పదహారులో అయిదు వంతుల అవకాశం ఉంది. నీలివాడికీ అంతే. రెండు రెండుగా పడి కార్డు సమానం కావడానికి పదహారులో ఆరు వంతులు.

ముగ్గురు జడ్జీలనూ కలిపితే చిత్రం మారిపోతుంది. ముగ్గురూ ఒకే విజేతను చూపే అవకాశం నూటికి ఆరే. ఇద్దరు ఒకవైపు, మూడోవారు ఎదుటివైపు మొగ్గే స్ప్లిట్ డెసిషన్ నూటికి పద్దెనిమిది. సగానికి పైగా సందర్భాల్లో ఏదో ఒక రకం డ్రా వస్తుంది. ఒక్క జడ్జీ కూడా తప్పు చేయలేదు, పక్షపాతం చూపలేదు. అయినా ఏకాభిప్రాయం కన్నా భిన్నాభిప్రాయమే మూడింతలు ఎక్కువ.

ఇందులో ఒకే ఒక్క మార్పు చేద్దాం. నీలివాడి నికర రౌండ్లలో ఒకటి తీసి ఎర్రవాడికి ఇద్దాం: ఇప్పుడు అయిదు, మూడు, మధ్యలో నాలుగు. ఏకగ్రీవంగా ఎర్రవాడే గెలిచే అవకాశం మూడు నుంచి ముప్పై రెండుకు ఎగబాకుతుంది. స్ప్లిట్ డెసిషన్ పద్దెనిమిది నుంచి పదికి పడిపోతుంది. ఒక్క రౌండు బలం అంత.

మరి ఈ నాణేల నమూనా బర్డ్ కార్డును వివరించగలదా? ఆ పోటీలో చివరి మూడు రౌండ్లనూ ముగ్గురు జడ్జీలూ కనెలోకే ఇచ్చారు. అవి నికరమైనవని పక్కన పెడదాం. మిగిలిన తొమ్మిదింట్లో మొరెటి గొలోవ్‌కిన్‌కు ఏడు ఇచ్చాడు, ట్రెల్లా ఆరు. బర్డ్ ఇచ్చినవి రెండే, నాలుగోదీ ఏడోదీ. మొదటి ఇద్దరి సగటునుబట్టి, ఆ తొమ్మిదింట్లో ఏ రౌండైనా గొలోవ్‌కిన్‌కు పడే అవకాశం నూటికి డెబ్బై అనుకుందాం. అప్పుడు ఒక జడ్జీ కేవలం అదృష్టవశాత్తూ రెండో అంతకన్నా తక్కువో ఇవ్వడం దాదాపు 230 సార్లకు ఒకసారి జరిగే ముచ్చట.

నాణేలతో ఇది కుదరదని తేలిపోయింది. అయితే ఇంతటితోనే అవినీతి రుజువైపోదు. నమూనాలో ఒక ఊహ తప్పి ఉండవచ్చు: ప్రతి రౌండుకూ జడ్జీ కొత్త నాణెం ఎగరేస్తారన్న ఊహ. నిజానికి మనిషి అభిరుచి రౌండు రౌండుకూ మారదు. ముందుకు తోసుకొచ్చేవాణ్ణి మెచ్చే జడ్జీ రాత్రంతా అతన్నే మెచ్చుతారు. తప్పించుకుంటూ ఎదురు కొట్టేవాడి శుభ్రమైన దెబ్బను మెచ్చేవారు దాన్నే మెచ్చుతారు. గొలోవ్‌కిన్ తరుముకొచ్చే రకం, కనెలో తాళ్లకు ఆనుకొని ఎదురు కొట్టే రకం. ఇలాంటి జోడీలో జడ్జీ అభిరుచి అనే ఒకే తూకపురాయి తొమ్మిది రౌండ్లలోనూ ఒకేవైపు పడుతుంది. అందుకే కొంచెం తెలివైన నమూనాలు ప్రతి రౌండుకు ఒక విలువతో పాటు ప్రతి జడ్జీకి ఒక మొగ్గు కూడా జోడిస్తాయి. అలా జోడించగానే 118-110 వంటి కార్డులు ఆశ్చర్యం కలిగించడం తగ్గుతుంది. అలాగని ఆ కార్డు సరైనదని కాదు. ఈ రచయిత దృష్టిలో అది చెడ్డ కార్డే. ఆ మొగ్గు ఎక్కడి నుంచి వచ్చిందన్నది మాత్రం లెక్క చెప్పలేదు. అభిరుచీ, కూర్చున్న కోణం, పక్షపాతం... కార్డు మీద మూడూ ఒకేలా కనిపిస్తాయి. ఒక్క పోటీతో వాటిని విడదీయలేం. ఆ జడ్జీ వేసిన ఎన్నో కార్డులను, పక్కన కూర్చున్నవాళ్ల కార్డులతో పోల్చి చూడాల్సిందే.

మన నిజామాబాద్ నిఖత్ జరీన్ ఆడే అమెచ్యూర్ బాక్సింగ్‌లో మూడే రౌండ్లు, జడ్జీలు అయిదుగురు. తలొక రౌండు నికరంగా గెలిచి, మూడోది ఎటైనా తిరిగేదయితే అయిదు నాణేలు ఎగురుతాయి. 3-2 రావడానికి అవకాశం నూటికి 62, అయిదుగురూ ఒక్క మాట మీద నిలవడానికి ఆరే. 2022లో ఇస్తాంబుల్ ప్రపంచ ఫైనల్‌లో ఆమె 5-0తో గెలిచిందంటే ఆ పోటీ నాణేల మీద నడవలేదనే అర్థం.

మళ్లీ వేగాస్‌కు వద్దాం. అక్కడ ఎక్కువ తిట్లు బర్డ్‌కే పడ్డాయి. ఫలితం తిరిగిన చోటు మాత్రం వేరే ఉంది. ఆమె కార్డు ఎటూ కనెలో ఖాతాలోదే. అది 115-113 అయినా ఒక్క ఓటే, 118-110 అయినా ఒక్క ఓటే. ఇక ఏడో రౌండు చూడండి: మొరెటి దాన్ని గొలోవ్‌కిన్‌కు ఇచ్చాడు, బర్డ్ సైతం ఇచ్చింది. కనెలోకు ఇచ్చింది ట్రెల్లా ఒక్కడే. అతను కూడా అటు మొగ్గి ఉంటే అతని కార్డు 115-113 అయ్యేది, గొలోవ్‌కిన్ స్ప్లిట్ డెసిషన్‌తో గెలిచేవాడు.

ఏడాది తిరిగాక, 2018 సెప్టెంబరు 15న, అదే అరీనాలో ఇద్దరూ మళ్లీ తలపడ్డారు. ఈసారి కార్డులు 115-113, 115-113, 114-114. కనెలో గెలిచాడు. అతనికి పడ్డ రెండు కార్డుల్లో ఒకటి మొరెటిదే. ఆ రెండింట్లో ఏ ఒక్కదానిలోనైనా ఒక్క రౌండు తిరగబడి ఉంటే అది కూడా డ్రానే అయ్యేది.