ఏడాది ఆదివారాలు ఒక్క గడిలో

మా సంఘంలో ఆదివారపు తెలుగు తరగతికి హాజరుపట్టీ వ్రాసే పని నాది. 2025లో ఎక్సెల్‌లో మొదటి రెండు ఆదివారాల తేదీలు వేసి, గడి మూలనున్న చుక్కను పట్టుకొని క్రిందికి లాగాను. 50వ తేదీ దగ్గర చేయి ఆగింది. డిసెంబరు 21, 28 తేదీలు పట్టీలోకి రానేలేదు. ఆ రెండు రోజులూ వచ్చిన పిల్లల పేర్ల క్రింద గుర్తు పెట్టడానికి చోటు లేకపోయింది.

2026 పట్టీకి లాగడం మానివేశాను. A2 గడిలో ఇలా వ్రాశాను:

```
=SEQUENCE(52,1,DATE(2026,1,4),7)
```

అడ్డవరుసలు 52, నిలువువరుస ఒకటి, మొదలు జనవరి 4, నడుమ ఏడేసి రోజులు అని దీని అర్థం. చివరి తేదీ డిసెంబరు 27 అని పడింది. గోడమీది క్యాలెండరుతో సరిచూచుకొన్నాను, సరిపోయింది.

మొదట తేదీకి బదులు 46026 అన్న అంకె కనబడితే కంగారుపడకండి. ఎక్సెల్ తేదీలను 1900 జనవరి 1 మొదలుకొని రోజుల లెక్కగా దాచుకొంటుంది. ఆ గడులకు తేదీ రూపం ఇస్తే చాలు. #SPILL! అని వస్తే మాత్రం క్రింది గడులలో పాత వ్రాత ఏదో అడ్డున్నదన్నమాట. దానిని తుడిచివేస్తే తేదీలన్నీ వాటంతట అవే దిగుతాయి.

ఎక్సెల్ 2019లోనూ, అంతకు పాతవాటిలోనూ ఈ సూత్రం పనిచేయదు. అక్కడ లాగక తప్పదు. లాగిన తరువాత చివరి తేదీని ఒక్కసారి చూచుకోండి.