పొడుగు గ్లాసులో నీళ్లు ఎక్కువా?

పిల్లల ఆలోచన నాలుగు దశల్లో ఎదుగుతుందన్నాడు స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే. రెండేళ్లలోపు దశ బడికి రాకముందే దాటిపోతుంది. టీచర్లకు అసలు పని పడేది ఏడేళ్ల మలుపు దగ్గరే.

ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమంగా నీళ్లు పోసి, ఒకదానిలోవి సన్నటి పొడుగు గ్లాసులోకి వంచితే, ఒకటో తరగతి పిల్లాడు సాధారణంగా "ఇందులోనే ఎక్కువ" అంటాడు. ఎత్తు చూస్తాడు, వెడల్పు చూడడు. మూడో తరగతి పిల్ల "వెనక్కి పోస్తే మళ్లీ అంతేగా!" అని తేల్చేస్తుంది. అయినా ఆమెకు లెక్కలు చింతగింజలతో చెప్పాల్సిందే. అక్షరాలతో బీజగణితం పదకొండేళ్లు దాటాకే.

ఈ వయసులు గీత గీసినట్టు ఉండవు. 1974లో మెక్‌గారిగల్, డొనాల్డ్‌సన్ చేసిన ప్రయోగంలో బిళ్లల వరుసను పెద్దవాళ్లు కాక, అల్లరి టెడ్డీబొమ్మ చెదరగొట్టింది. అప్పుడు చాలామంది చిన్నపిల్లలు సంఖ్య మారలేదని సరిగ్గానే చెప్పారు. అందుకే టీచరు ఒక్క జవాబుతో దశను తేల్చేయకుండా, "ఎందుకలా అనుకున్నావు?" అని కూడా అడగాలి.